డబ్బా మీద ఉన్నదే నోటితో చెప్పడం: ఆర్గానిక్ బ్రాండుకు పరిచయ వీడియో

కొత్త సౌందర్య సాధనాల బ్రాండును మొదలుపెట్టిన మనిషి కెమెరా ముందు కూర్చుని, తానెవరో, ఏం తయారుచేస్తున్నారో, ఎలా తయారుచేస్తున్నారో చెప్పే చిన్న వీడియోను వ్యాపార వర్గాల్లో ఫౌండర్ వీడియో అంటారు. నిడివి సాధారణంగా ఒకటి నుంచి రెండు నిమిషాలు. మామూలు ప్రకటనలో కనిపించే నటికీ క్రీముకూ డబ్బు తీసుకోవడం తప్ప వేరే సంబంధం ఉండదు. ఈ వీడియోలో మాట్లాడే మనిషి మాత్రం ఆ వస్తువుకు జవాబుదారీ. కొనేవాళ్లకు కావలసింది కూడా అదే. ఊరూ పేరూ తెలియని కంపెనీ క్రీమును ముఖానికి రాసుకోబోతున్నారు. అది పడకపోతే ఎవర్ని అడగాలో ముందే తెలియాలి. చట్టం దృష్టిలో మాత్రం ఇదీ ప్రకటనే. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు తయారీదారు మీద 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ అదే పని చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. "నా సొంత కథ చెప్పుకున్నాను అంతే" అన్న సమాధానం అక్కడ చెల్లదు.

ఇలాంటి వీడియోలు చాలావరకు ఒకే తీరులో సాగుతాయి. అమ్మమ్మ పెట్టిన సున్నిపిండి, పట్నంలో పాడైన చర్మం, ఉద్యోగం వదిలేయడం, ప్రకృతి ఒడిలోకి తిరిగి రావడం, చివర ఒక చిరునవ్వు. ఇందులో అబద్ధమేమీ లేకపోవచ్చు. కానీ చూసేవాళ్లు సరిచూసుకోగలిగిన మాట ఒక్కటీ లేదు. ఇదే కథను పామాయిల్‌తో సబ్బు చేసేవాళ్లూ చెప్పగలరు. నమ్మకం కలిగించే వాక్యానికి ఒక లక్షణం ఉంటుంది. అది తప్పైతే ఎదుటివాళ్లు పట్టుకోగలగాలి. "స్వచ్ఛమైన పదార్థాలే వాడతాం" అన్నదాన్ని ఎవరూ పట్టుకోలేరు. "ఈ డబ్బాలో నూటికి 18 వంతులు నువ్వుల నూనె" అన్నదాన్ని లేబుల్ తిప్పి చూసి ప్రశ్నించవచ్చు. స్క్రిప్టు రాయడమంటే మొదటి రకం వాక్యాలను ఏరి పారేసి, రెండో రకం వాక్యాలను ఒక మనిషి నోట్లో సహజంగా ఇమిడేలా పేర్చడం.

ఆర్గానిక్ బ్రాండుకు ఈ పని మరీ అవసరం. కారణం ఆ మాటలోనే ఉంది. మన దేశంలో సౌందర్య సాధనాల తయారీని, లేబుళ్లను నియంత్రించే 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్‌లో, ఆర్గానిక్ అనిపించుకోవడానికి క్రీములో ఇంత శాతం సేంద్రియ పదార్థం ఉండాలన్న కొలత లేదు. పంట వరకు అయితే కట్టుదిట్టాలున్నాయి. ఎగుమతుల కోసం మొదలైన జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం ఒకటి, రైతులు బృందాలుగా ఒకరినొకరు తనిఖీ చేసుకునే పీజీఎస్ ఇండియా పద్ధతి మరొకటి. కానీ నువ్వులు ఆర్గానిక్ అయినంత మాత్రాన ఆ నూనె కలిసిన క్రీమంతా ఆర్గానిక్ అయిపోదు. ఈ ఖాళీని ప్రైవేటు ప్రమాణాలు పూడుస్తున్నాయి. వాటిలో అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది యూరప్‌లో పుట్టిన కాస్మోస్. దాని ప్రకారం ఆర్గానిక్ ముద్ర పొందాలంటే, రాసుకుని వదిలేసే క్రీములో మొత్తం బరువులో కనీసం 20 శాతం ఆర్గానిక్ ఉండాలి. షాంపూలాంటి కడిగేసేవాటికి 10 శాతం చాలు. గానుగ ఆడించడం వంటి మామూలు పద్ధతుల్లో తీసిన వ్యవసాయ పదార్థాలు మాత్రం 95 శాతం ఆర్గానిక్‌వే అయి ఉండాలి. 20 అన్న అంకె తక్కువగా అనిపించడానికి కారణం నీళ్లు. క్రీముల్లో సగానికి పైగా నీళ్లే ఉంటాయి. నీటిని ఎవరూ పండించరు కాబట్టి అది ఆర్గానిక్ లెక్కలోకి రాదు.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుంటే సంగతి తేటగా తెలుస్తుంది. కరీంనగర్‌లో ఒక మహిళ పొడి చర్మానికి వాడే క్రీముతో చిన్న బ్రాండు మొదలుపెట్టిందనుకుందాం. ఆమె బి.ఫార్మసీ చదివింది, ఆరేళ్లు మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేసింది. క్రీములో నూటికి 66 వంతులు నీళ్లు. జగిత్యాల వైపు రైతు సంఘం పండించిన ఆర్గానిక్ నువ్వుల నుంచి గానుగ ఆడించిన నూనె 18, ఆర్గానిక్ కొబ్బరి నూనె 4, గ్లిజరిన్ 5, నీళ్లనూ నూనెనూ విడిపోకుండా పట్టి ఉంచే ఎమల్సిఫయర్ 5, ప్రిజర్వేటివ్ 1, విటమిన్ ఇ అర, సువాసన కోసం లావెండర్ నూనె అర. అన్నీ కలిపితే 100. అంటే ఆర్గానిక్ అని ధైర్యంగా చెప్పగలిగింది 22 వంతులు. నీళ్లు పక్కన పెట్టి లెక్కిస్తే మిగిలిన 34లో 22, అంటే దాదాపు 65 శాతం. నీళ్లను కూడా సహజ పదార్థంగా లెక్కలో కలిపేస్తే "90 శాతానికి పైగా సహజం" అని కూడా రాసుకోవచ్చు. ఒకే డబ్బాకు మూడు అంకెలు, మూడూ ఏదో ఒక పద్ధతి ప్రకారం నిజమే. బ్రాండు నడిపేవాళ్లకు సహజంగా పెద్ద అంకె మీదికే మనసు పోతుంది. అయితే లేబుల్ మీద పదార్థాలను ఎక్కువ ఉన్నది ముందు వచ్చేలా బరువు వరుసలో రాస్తారు. ఆ వరుసలో మొదటి పేరు ఆక్వా, అంటే నీళ్లు. 90 అన్న అంకె విని డబ్బా కొన్నవాళ్లు ఆ మొదటి పేరు చదివిన రోజున వీడియోలోని మిగతా మాటలన్నిటి మీదా అనుమానం మొదలవుతుంది. అందుకే చిన్న అంకెను ముందుగా, తానే చెప్పడం మేలు.

స్క్రిప్టులో మొదటి వాక్యం రాయకముందే ఒక ఫైలు తయారు కావాలి. వీడియోలో చెప్పబోయే ప్రతి మాటకూ అందులో ఒక కాగితం ఉండాలి. మన ఉదాహరణలో ముఖ్యమైనవి నాలుగు. మొదటిది రైతు సంఘానికి ఉన్న ఆర్గానిక్ సర్టిఫికెట్. దీన్ని స్కోప్ సర్టిఫికెట్ అంటారు. ఆ సంఘం ఏ పంటలను, ఏ కాలానికి ఆర్గానిక్‌గా పండించి అమ్మవచ్చో అందులో ఉంటుంది. చాలా బ్రాండ్లు దీన్నే చూపించి ఊరుకుంటాయి. కానీ ఆ కాగితం సంఘం గురించి చెబుతుంది తప్ప బ్రాండు కొన్న సరుకు గురించి ఏమీ చెప్పదు. అదే సంఘం నుంచి పది కిలోలు కొని, మిగతా వంద కిలోలు బజారులో కొన్నా స్కోప్ సర్టిఫికెట్ మారదు. ఫలానా లాటు, ఇన్ని కిలోలు, ఫలానా కొనుగోలుదారుకు ఆర్గానిక్ సరుకుగా అమ్మినట్టు ధ్రువీకరించే ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్ రెండో కాగితం. అసలు విలువ దీనిదే. మూడోది ఫ్యాక్టరీ లైసెన్సు. మన దేశంలో అమ్మకానికి సౌందర్య సాధనాలు తయారుచేయాలంటే రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ ఇచ్చే లైసెన్సు ఉండాలి. ఇంటి వంటగదిలో కలిపి సీసాల్లో పోసి అమ్మడం, ఎంత శుభ్రంగా చేసినా, చట్టప్రకారం కుదరదు. నాలుగోది ప్రిజర్వేటివ్ పనిచేస్తోందని తేల్చే పరీక్ష రిపోర్టు. దీని సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

నీళ్లున్న క్రీములో ప్రిజర్వేటివ్ లేకపోతే సూక్ష్మజీవులు పెరుగుతాయి. రోజూ వేలు ముంచి తీసే డబ్బాలో ఇంకా త్వరగా పెరుగుతాయి. బూజు కంటికి కనిపిస్తుంది గానీ, కంటి చుట్టూ రాసుకుంటే ఇన్ఫెక్షన్ తెచ్చే సూడోమోనాస్ లాంటి బాక్టీరియా రంగూ వాసనా మారకుండానే ఉండగలదు. విటమిన్ ఇ నూనె కంపు కొట్టకుండా ఆపుతుంది, సూక్ష్మజీవులను ఆపదు. ప్రిజర్వేటివ్ సరిపోతోందో లేదో తేల్చడానికి చాలెంజ్ టెస్ట్ అనే పరీక్ష ఉంది. క్రీములోకి కావాలనే బాక్టీరియా, ఈస్టు, బూజు వేసి, 7, 14, 28 రోజుల్లో వాటి సంఖ్య ఎంత తగ్గిందో చూస్తారు. ఈ పరీక్ష చేయించిన వ్యవస్థాపకురాలు "మా క్రీములో ప్రిజర్వేటివ్ ఉంది" అని నిబ్బరంగా చెప్పగలదు. చేయించనివాళ్లే ఆ ప్రస్తావన దాటవేస్తారు. ఆర్గానిక్ ప్రమాణాలు కూడా ప్రిజర్వేటివ్‌లను నిషేధించలేదు. బెంజైల్ ఆల్కహాల్, సోడియం బెంజోయేట్, పొటాషియం సార్బేట్ లాంటి కొన్నిటిని కాస్మోస్ అనుమతిస్తుంది. ఫినాక్సీఇథనాల్‌ను అనుమతించదు. అందువల్ల "ప్రిజర్వేటివ్ లేదు" అనడం కన్నా "ఫలానాది వాడాం" అనడం నిజానికీ దగ్గర, వినేవాళ్ల క్షేమానికీ దగ్గర.

ఫైలు సిద్ధమయ్యాక స్క్రిప్టు. తెలుగులో తీరిగ్గా, ఊపిరి తీసుకుంటూ మాట్లాడితే నిమిషానికి సుమారు వంద మాటలు పడతాయి. కాబట్టి నిమిషంన్నర వీడియోకు 150 మాటలకు అటూ ఇటూగా రాసుకోవాలి. ఎక్కువ రాసుకున్నవాళ్లు వేగం పెంచుతారు. వేగం పెరిగితే అంకెలు వినేవాళ్ల చెవిలో నిలవవు. కరీంనగర్ బ్రాండుకు స్క్రిప్టు ఇలా ఉండవచ్చు:

"ఈ క్రీములో నూటికి 66 వంతులు నీళ్లే. 22 వంతులు ఆర్గానిక్ నూనెలు: నువ్వులది 18, కొబ్బరిది 4. గ్లిజరిన్ 5, నీళ్లనీ నూనెనీ కలిపి ఉంచే పదార్థం 5. ప్రిజర్వేటివ్ ఒకటి. విటమిన్ ఇ, లావెండర్ నూనె కలిపి ఒకటి.

నేను కరీంనగర్‌లో ఉంటాను. బి.ఫార్మసీ చదివి, ఆరేళ్లు మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేశాను. వచ్చిన సరుకు కాగితంలో రాసినట్టే ఉందా లేదా చూడటం అక్కడ నా పని.

నువ్వులు జగిత్యాల వైపు రైతు సంఘం పండించినవి. ఈ లాటు మేము కొన్నట్టు ఇచ్చిన సర్టిఫికెట్ ఇదిగోండి. దీని మీద ఉన్న నంబరే మీ డబ్బా అడుగున కూడా ఉంటుంది.

క్రీము నేను చేయను. హైదరాబాద్ శివార్లలో లైసెన్సున్న ఫ్యాక్టరీలో చేయిస్తాను. ఆ ఫ్యాక్టరీ పేరు, లైసెన్సు నంబరు డబ్బా మీద ఉన్నాయి. నీళ్లున్న క్రీము కాబట్టి ప్రిజర్వేటివ్ వేశాం. అది లేకపోతే బూజు పడుతుంది.

ఇది పొడి చర్మంలో తేమ నిలుపుతుంది. మచ్చలు పోగొట్టదు, రంగు మార్చదు. నువ్వులు పడనివాళ్లు వాడొద్దు. మిగతావాళ్లు మోచేతి లోపలి వైపు కొంచెం రాసి రెండు రోజులు చూడండి. దురద గానీ ఎరుపు గానీ వస్తే కడిగేసి, డబ్బా మీది నంబరుకు ఫోన్ చేయండి. డబ్బు వెనక్కిస్తాం. ఏ బ్యాచో రాసుకుని, ఆ బ్యాచ్‌ను మళ్లీ పరీక్ష చేయిస్తాం."

మొదటి వాక్యంలోనే నీళ్ల సంగతి రావడానికి కారణం ఉంది. ఇలాంటి వీడియోను మొదటి కొన్ని సెకన్లలోనే చాలామంది దాటేసి వెళ్లిపోతారు. "నమస్తే, నా పేరు ఫలానా" అన్న మొదలు ప్రతి వీడియోలోనూ ఉంటుంది. తన వస్తువులో మూడింట రెండు వంతులు నీళ్లని అమ్మేవాళ్లే చెప్పడం మాత్రం అరుదు. విన్నవాళ్లు ఆగి చూస్తారు. పైగా ఆ ఒక్క మాటతో, తర్వాత వచ్చే మాటలన్నీ ఇదే ధోరణిలో ఉంటాయన్న అంచనా ఏర్పడుతుంది.

సొంత పరిచయం రెండో భాగంలో, మూడు వాక్యాల్లోనే అయిపోయింది. చదువు, పాత ఉద్యోగం ప్రస్తావించింది అర్హత చాటుకోవడానికి కాదు. సరుకును కాగితంతో సరిపోల్చడం ఆమెకు తెలిసిన పని అని చెప్పడానికి. బి.ఫార్మసీ చదివింది కాబట్టి "ఫార్మసిస్టు తయారుచేసిన క్రీము" అని రాసుకుంటే అమ్మకాలు పెరగవచ్చు. కానీ వినేవాళ్లకు అది మందులా తోస్తుంది. అందువల్ల చదువును పనితోనే జతచేయాలి, క్రీము గుణంతో కాదు. చదువూ అనుభవం ఏమీ లేని వ్యవస్థాపకులు దాన్ని కప్పిపుచ్చనక్కర్లేదు. ఫార్ములా ఎవరు తయారుచేశారో, వాళ్ల అర్హత ఏమిటో చెబితే సరిపోతుంది.

"క్రీము నేను చేయను" అన్న వాక్యం దగ్గరే చాలామంది వ్యవస్థాపకులు వెనకాడతారు. ఆమె స్వయంగా గరిటె తిప్పుతున్న దృశ్యం చూడ్డానికి బాగుంటుందని వీడియో తీసేవాళ్లు పట్టుబడతారు. ఆ దృశ్యం రెండు విధాలా చిక్కు తెస్తుంది. డబ్బా మీద తయారీదారు పేరు, చిరునామా ఉండి తీరాలి. అక్కడ వేరే ఊరి ఫ్యాక్టరీ పేరు కనిపించగానే వంటగది దృశ్యం అబద్ధమని తేలిపోతుంది. ఒకవేళ ఆమె నిజంగానే ఇంట్లో చేస్తుంటే, లైసెన్సు లేని చోట తయారీకి ఆ వీడియోనే సాక్ష్యమవుతుంది. ఇంకొకరి ఫ్యాక్టరీలో చేయించుకోవడం చట్టబద్ధమే, చిన్న బ్రాండ్లలో ఎక్కువ భాగం చేసేదీ అదే. చూపించాలనుకుంటే ఆ ఫ్యాక్టరీలోనే, తలకు టోపీ, చేతికి గ్లవ్స్ ఉన్న కార్మికులతో, కలిపే ట్యాంకు దగ్గర రెండు షాట్లు తీసుకోవచ్చు.

చివరి భాగంలో వస్తువు ఏం చేయదో చెప్పే వాక్యాలు ఉన్నాయి. చట్టం సౌందర్య సాధనాన్ని శుభ్రపరచడానికి, అందంగా కనిపించడానికి, రూపం మార్చడానికి వాడేదిగా చూస్తుంది. జబ్బు నయం చేస్తుందంటే అది మందు కిందికి వస్తుంది, దానికి వేరే లైసెన్సు కావాలి. "మా పాపకు ఎగ్జిమా ఉండేది, ఈ క్రీముతోనే తగ్గింది" అని వ్యవస్థాపకురాలు కళ్లనీళ్లతో చెప్పినా, అది జబ్బు నయం చేస్తుందన్న ప్రచారమే అవుతుంది. అనుభవం నిజమే అయినా స్క్రిప్టులో దానికి చోటు లేదు. రంగు విషయంలోనూ ఇంతే. చామనఛాయ వాళ్లను తక్కువ చేసి చూపే ప్రకటనలు కూడదని ప్రకటనల రంగం స్వయంగా ఏర్పాటు చేసుకున్న ఆస్కి 2014 నుంచీ చెబుతోంది. నువ్వుల హెచ్చరిక కూడా తప్పనిసరి. నువ్వులు కొందరికి తీవ్రమైన అలర్జీ తెస్తాయి. లేబుల్ మీద నువ్వుల నూనె పేరు సెసమం ఇండికం అన్న లాటిన్ పేరుతో ఉంటుంది, అది చాలామందికి అర్థం కాదు. పరీక్షకు ఒక రోజు కాకుండా రెండు రోజులు అనడానికి కారణం, చర్మపు అలర్జీలు కొన్ని ఒక రోజు దాటితే గానీ బయటపడవు.

స్క్రిప్టులో లేని మాటల గురించి కూడా చెప్పుకోవాలి. మొదటి ముసాయిదాలో ఇవన్నీ వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. "కెమికల్స్ లేవు" అన్నది వాటిలో మొదటిది. నీళ్లు, గ్లిజరిన్, నువ్వుల నూనెలోని కొవ్వు ఆమ్లాలు అన్నీ రసాయనాలే. ఈ మాట వాడితే విషయం తెలిసినవాళ్లు అక్కడే వీడియో ఆపేస్తారు. "సహజమైనది కాబట్టి సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు" అన్నది ఇంకా ప్రమాదం. లావెండర్ నూనెలో సహజంగానే ఉండే లినలూల్, గాలి తగిలి మార్పు చెందాక కొందరి చర్మానికి పడదు. "జంతువుల మీద పరీక్షించలేదు" అన్న మాట వినడానికి బాగుంటుంది. కానీ మన దేశంలో 2014 నుంచి సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడం నిషేధం. అందరూ పాటించాల్సిన చట్టాన్ని తమ ప్రత్యేకతగా చెప్పుకోవడం వినియోగదారుణ్ని తప్పుదోవ పట్టించడమే. "డెర్మటాలజికల్లీ టెస్టెడ్" అంటే చర్మ వైద్యుల పర్యవేక్షణలో మనుషుల చర్మం మీద పరీక్ష జరిగిందనే అర్థం వస్తుంది. ఎంతమంది మీద, ఫలితం ఏమిటన్నది ఆ మాటలో లేదు. పరీక్ష జరిగి ఉంటే ఆ రెండూ చెప్పాలి, లేకపోతే మాటే ఎత్తకూడదు.

"ఆర్గానిక్ క్రీము" అన్న మాట కూడా పై స్క్రిప్టులో ఎక్కడా లేదు, "ఆర్గానిక్ నూనెలు" అని మాత్రమే ఉంది. క్రీము మొత్తానికి ఏ సంస్థా సర్టిఫికెట్ ఇవ్వలేదు కాబట్టి సర్టిఫికెట్ ఉన్నంత మేరకే మాట. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో తెచ్చిన మార్గదర్శకాలు కూడా సహజం, ఆర్గానిక్, పర్యావరణహితం లాంటి మాటలను వివరణ, ఆధారం లేకుండా వాడకూడదన్నాయి. ఇక్కడ ఒక చిక్కు తెలుగు రాష్ట్రాల్లో తరచుగా వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో లక్షల మంది రైతులు ప్రకృతి వ్యవసాయం చేస్తున్నారు. వాళ్లలో చాలామంది రసాయన ఎరువులు, పురుగుమందులు వాడరు, కానీ అందరికీ ఆర్గానిక్ సర్టిఫికెట్ ఉండదు. సర్టిఫికెట్ కావాలంటే ఏడాది పంటలకు రెండేళ్లు, తోటలకు మూడేళ్లు మార్పు కాలం గడవాలి, రికార్డులు రాయాలి, తనిఖీలు జరగాలి. అలాంటి రైతు దగ్గర కొన్న బ్రాండు "ఆర్గానిక్" అనకూడదు. "ఈ రైతులు ప్రకృతి వ్యవసాయం చేస్తారు, సర్టిఫికెట్ ఇంకా రాలేదు" అని చెప్పవచ్చు. ఆ మాటకు తగ్గే గౌరవం ఏమీ లేదు. వినేవాళ్లు దాన్ని అర్థం చేసుకోగలరు కూడా.

చిత్రీకరణలో స్క్రిప్టు విలువను పెంచేవీ చెడగొట్టేవీ చిన్న విషయాలే. సర్టిఫికెట్ చూపించే షాట్ కనీసం మూడు నాలుగు సెకన్లు కదలకుండా ఉండాలి, లాటు నంబరు చదవగలిగేంత దగ్గరగా ఉండాలి. రైతుల వ్యక్తిగత వివరాలున్న చోట మసక చేయాలి. వెంటనే అదే నంబరు డబ్బా అడుగున కనిపించే షాట్ రావాలి. ఈ రెండు షాట్లు పక్కపక్కన లేకపోతే కాగితం చూపించడం అలంకారంగా మిగిలిపోతుంది. మరో ముఖ్య విషయం, ఫోన్ కెమెరాల్లో చర్మాన్ని నునుపు చేసే బ్యూటీ సెట్టింగు చాలా ఫోన్లలో దానంతటదే ఆన్ అయి ఉంటుంది. చర్మానికి రాసే వస్తువు గురించి మాట్లాడే మనిషి ముఖాన్ని యంత్రం నునుపు చేస్తే, ఆ నునుపును చూసేవాళ్లు క్రీము ఫలితంగా అనుకుంటారు. వీడియో తీసే ముందు దాన్ని ఆపేయాలి, ఎడిటింగ్‌లోనూ వాడకూడదు. ఆమె ముఖం మీది మచ్చలు, ముడతలు ఉన్నవి ఉన్నట్టే కనిపించాలి. కిటికీకి ఎదురుగా కూర్చుంటే పగటి వెలుగు చాలు. చిత్రం కాస్త మసకగా ఉన్నా జనం సహిస్తారు గానీ, మాట సరిగ్గా వినిపించకపోతే సహించరు కాబట్టి కాలరుకు పెట్టే చిన్న మైకు మీద ఖర్చు పెట్టడం మేలు.

స్క్రిప్టును బట్టీ పట్టి చెబితే అప్పగింత పాఠంలా వినిపిస్తుంది. తెర మీద చూసి చదివితే కళ్లు పక్కకు కదలడం తెలిసిపోతుంది. అంకెలు, హెచ్చరికలు, సర్టిఫికెట్ గురించిన వాక్యాలను మాత్రం అక్షరం మారకుండా చెప్పి, మిగతావి ఆమె ఇంట్లో మాట్లాడే తీరులోనే చెప్పడం బాగా పనిచేస్తుంది. పైన రాసిన స్క్రిప్టు పుస్తకాల తెలుగుకు దగ్గరగా ఉంది. కరీంనగర్ మనిషి దాన్ని తన యాసలోకి మార్చుకునే చెప్పాలి. "వెనక్కిస్తాం" కాస్తా "వాపస్ ఇస్తం" అవుతుంది, అది ఆమె మాటలా వినిపిస్తుంది. చాలామంది ఫోన్లలో శబ్దం లేకుండానే చూస్తారు కాబట్టి కింద అక్షరాలు కూడా పెట్టాలి. అంకెలున్న వాక్యాలకైతే తప్పనిసరిగా.

విడుదలకు ముందు ఒక పరీక్ష ఉంది. వ్యాపారంతో సంబంధం లేని ఇద్దరు ముగ్గురికి వీడియో ఒక్కసారి చూపించి, ఏం గుర్తుందో అడగాలి. "ఆమె చాలా మంచిదిలా ఉంది" అన్న జవాబు వస్తే వీడియో పని కాలేదని అర్థం. "సగానికి ఎక్కువ నీళ్లట, మచ్చలు పోవట, నంబరు డబ్బా అడుగున ఉంటుందట" అంటే అయినట్టు. తర్వాత స్క్రిప్టును కాగితం మీద పెట్టుకుని ప్రతి వాక్యం పక్కన ఫైలులోని కాగితం సంఖ్య రాయాలి. సంఖ్య రాయలేని వాక్యాన్ని తీసేయాలి. "మళ్లీ పరీక్ష చేయిస్తాం" లాంటి హామీ పక్కన రాయడానికి కాగితం ఉండదు. దాని పక్కన ఎవరు చేస్తారు, ఏ ల్యాబులో, ఖర్చు ఎక్కడి నుంచి అన్నవి రాయాలి. అవి ఇంకా తేలకపోతే ఆ హామీ తీసేసి, డబ్బు వెనక్కిచ్చే మాట ఒక్కటే ఉంచాలి.

విడుదలయ్యాక కూడా స్క్రిప్టు మీద నిఘా ఉండాలి. స్కోప్ సర్టిఫికెట్‌కు గడువు ఉంటుంది, ఏటా పునరుద్ధరించుకోవాలి. వానలు సరిగా పడని ఏడాది జగిత్యాల సంఘం దగ్గర సరుకు తక్కువైతే నువ్వులు వేరే చోటి నుంచి రావచ్చు. ఫ్యాక్టరీ మారవచ్చు. కొబ్బరి నూనె ధర పెరిగి ఫార్ములాలో 4 వంతులు 2 అయితే ఆర్గానిక్ నూనెలు 22 నుంచి 20కి పడతాయి, వీడియోలోని అంకె ఆ రోజు నుంచి తప్పవుతుంది. వీటిలో ఏది జరిగినా పాత వీడియోను తీసేసి, మారిన వాక్యాన్ని మళ్లీ చిత్రీకరించాలి. అందుకే అంకెలు, ఊరి పేర్లు, ఫ్యాక్టరీ సంగతి ఉన్న వాక్యాలను విడివిడి షాట్లుగా తీసి పెట్టుకోవడం, ఒక్కో షాట్‌కు ఏ తేదీ నాటి కాగితం ఆధారమో ఫైలులో రాసుకోవడం అనుభవమున్నవాళ్లు పాటించే పద్ధతి. అలా తీసి పెట్టుకుంటే మొత్తం వీడియో కాకుండా మారిన ఆ పది సెకన్లు మాత్రమే మళ్లీ తీస్తే సరిపోతుంది.